నాలుగేళ్ల తొమ్మిది నెలలకు మానేస్తే గ్రాట్యుటీ వస్తుందా?

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్ శివార్లలో ఒక మందుల కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. 2021 సెప్టెంబర్ 1న చేరాను. ఆదివారం ఒక్కటే సెలవు. బేసిక్ 26,000, డీఏ లేదు. ఇప్పుడు వేరే కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది, నెలకు 9,000 ఎక్కువ. ఈ జూన్ 1న చేరమంటున్నారు. ఇక్కడ నోటీసు 60 రోజులు. నేను ఏప్రిల్ 20న రాజీనామా ఇచ్చినా 19 రోజులు తక్కువ పడుతుంది. ఆ డబ్బు కట్టేసి మే 31న వెళ్లిపొమ్మని అందరూ అంటున్నారు. అప్పటికి 4 ఏళ్ల 9 నెలలు అవుతుంది. ఆరు నెలలు దాటితే ఏడాది కింద లెక్క కదా, గ్రాట్యుటీ వచ్చేస్తుందని మా కొలీగ్ అంటాడు. హెచ్ఆర్‌ని అడిగితే రాదన్నారు. పైగా 2023లో మా అత్తగారి ఆపరేషన్‌కి 52 రోజులు జీతం లేని సెలవు పెట్టాను. అది సర్వీసులో బ్రేక్ అవుతుందేమోనని టెన్షన్.

అంతకుముందు 2013 జూన్ నుంచి 2017 జనవరి చివరి దాకా విజయవాడలో ఒక ఆఫీసులో చేశాను. అప్పుడు బేసిక్ 6,000. మానేసినప్పుడు గ్రాట్యుటీ ఇవ్వలేదు. పాప పుట్టడంతో నాలుగున్నరేళ్లు ఇంట్లోనే ఉన్నాను. ఇక్కడ చేరినప్పుడు పాత పీఎఫ్ కాగితాలు దొరక్క, ఫారంలో ‘ఇంతకుముందు పీఎఫ్ లేదు’ అని రాసేశాను. కొత్త నంబర్ ఇచ్చారు. పాత ఖాతాలో 1,40,000 దాకా ఉంది. అది తీసేసి ప్లాట్ కిస్తీ కట్టేద్దామని మా వారంటున్నారు. రెండు ఉద్యోగాలూ కలిపితే 8 ఏళ్లు దాటింది. నాకు ఏవి వస్తాయి, ఏవి పోతాయి?

సమాధానం: మీ కొలీగ్ చెప్పింది సగం నిజం. సగం నిజాలతోనే చాలామంది గ్రాట్యుటీ పోగొట్టుకుంటారు, కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

గ్రాట్యుటీలో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఒకటి, మీకు అర్హత ఉందా? రెండు, ఉంటే ఎంత? ‘ఆరు నెలలు దాటితే ఏడాది’ అనే సూత్రం రెండో ప్రశ్నకు సంబంధించింది. అర్హత వచ్చాకే దానితో పని. 7 ఏళ్ల 7 నెలలు చేసినవాళ్లకు 8 ఏళ్లకు లెక్కగట్టి ఇస్తారు. కానీ 4 ఏళ్ల 7 నెలలు చేసినవాళ్లను ఆ సూత్రం 5 ఏళ్ల గీత దాటించదు. గడప దాటి లోపలికి వచ్చినవాళ్లకే ఆ వడ్డన.

ఆ గడప 5 ఏళ్ల నిరంతర సర్వీసు. మరణం, అంగవైకల్యం లాంటి సందర్భాల్లో మాత్రం ఈ షరతు ఉండదు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి సోషల్ సెక్యూరిటీ కోడ్ వచ్చినా, పర్మనెంట్ ఉద్యోగులకు 5 ఏళ్ల షరతు అలాగే ఉంది. ‘ఇప్పుడు ఏడాదికే గ్రాట్యుటీ’ అని ఫోన్లలో తిరిగే మెసేజ్ ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్ల గురించి, అంటే ఫలానా తేదీ దాకా అని రాసుకుని కాంట్రాక్టు మీద చేరినవాళ్ల గురించి. మీ కొత్త ఆఫర్ లెటర్ అలాంటిదైతే అక్కడ మీకు పనికొస్తుంది. ఇక్కడ కాదు.

గ్రాట్యుటీ ఒక యజమాని దగ్గర చేసిన సర్వీసుకు ముడిపడి ఉంటుంది. విజయవాడలో చేసిన 3 ఏళ్ల 8 నెలలు ఆ ఆఫీసుతోనే ముగిశాయి. వాళ్లు మీకు బాకీ లేరు. దాన్ని తెచ్చి ఇక్కడి సర్వీసుకు కలపడానికీ దారి లేదు. ‘8 ఏళ్లు దాటింది’ అన్న లెక్క గ్రాట్యుటీకి చెల్లదు. పీఎఫ్‌కు మాత్రం చెల్లుతుంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఆ 52 రోజుల సెలవు గురించి భయం వద్దు. సెలవు, జబ్బు, లేఆఫ్ లాంటివి నిరంతర సర్వీసును తెంపవు. చెప్పకుండా మానేసినా సరే, దాన్ని ‘బ్రేక్ ఇన్ సర్వీస్’గా పరిగణిస్తూ కంపెనీ నిబంధనల ప్రకారం ఆర్డర్ ఇచ్చి ఉంటే తప్ప తెగదు. మీది మంజూరైన సెలవు. లెక్కగా చూసినా ఇబ్బంది లేదు. ఆ సర్వీసు ఏడాదిలో 365 రోజుల నుంచి మీ 52, మిగిలిన ఆదివారాలు ఒక 45, పండగలు ఒక 10 తీసేసినా 258 రోజులు పనిచేశారు. ఏడాదికి కావాల్సింది 240.

ఈ 240తోనే మీ అసలు కథ మొదలవుతుంది.

గడిచిన 12 నెలల్లో 240 రోజులు పనిచేస్తే ఆ ఏడాదంతా నిరంతరంగా పనిచేసినట్టే అని చట్టం అంటుంది. వారానికి 6 రోజుల కంటే తక్కువ పనిచేసే చోట 190 చాలు. దీని ఆధారంగా మద్రాస్ హైకోర్టు 1998లో ఒక కేసులో, నాలుగేళ్లు నిండి అయిదో ఏడాదిలో 240 రోజులు చేసిన ఉద్యోగికి 5 ఏళ్లు పూర్తయినట్టే అంది. ఉద్యోగులు చెప్పుకునే ‘నాలుగేళ్ల 240 రోజులు’ అక్కడి నుంచే వచ్చింది. చట్టంలో మాత్రం ఆ మాట అలా రాసిలేదు. మద్రాస్ హైకోర్టు తీర్పును తెలంగాణలో చూపించి వాదించవచ్చు కానీ, అది ఇక్కడ తప్పనిసరిగా పాటించాల్సిన తీర్పు కాదు. అందుకే మీ హెచ్ఆర్ ‘రాదు’ అనగలిగారు. కొన్ని కంపెనీలు అడగ్గానే ఇస్తాయి, కొన్ని కార్మిక శాఖ నుంచి నోటీసు వస్తే తప్ప కదలవు.

ఇప్పుడు మీ రోజులు లెక్కపెడదాం. మీ అయిదో ఏడాది 2025 సెప్టెంబర్ 1న మొదలైంది. మే 31న వెళ్తే 273 రోజులు. అందులో ఆదివారాలు 39. అవి పోతే 234. పండగ సెలవులు 8 అనుకుంటే 226. అంటే ఒట్టి పనిరోజులే లెక్కిస్తామని కంపెనీ పట్టుబడితే మీకు 14 రోజులు తక్కువ. మీ వైపు నుంచి చెప్పడానికీ మాట ఉంది. జీతం ఇచ్చిన ఆదివారాలు, సెలవులు కూడా 240లో కలపాలని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అది పారిశ్రామిక వివాదాల చట్టం కింద వచ్చిన కేసు. గ్రాట్యుటీ అధికారి ముందు మీరు దాన్ని చూపించవచ్చు, అవతలివాళ్లు వేరే చట్టం అనవచ్చు. మొత్తానికి మే 31న వెళ్తే మీరు రెండు వాదనలు గెలవాలి. నాలుగేళ్ల 240 రోజులు చాలన్నది ఒకటి, ఆదివారాలు కలపాలన్నది ఇంకొకటి.

అదే నోటీసు పూర్తిగా చేసి జూన్ 19న రిలీవ్ అయితే? ఇంకో 19 రోజులు, అందులో ఆదివారాలు రెండు. 226కి 17 కలిస్తే 243. ఆదివారాలు కలపకుండానే 240 దాటారు! రెండో వాదనతో పనే లేకుండా పోయింది. ‘డబ్బు కట్టేసి వెళ్లిపో’ అన్నవాళ్లకు తట్టని విషయం ఇదే. నోటీసు కాలంలో మీరు రోల్స్ మీద ఉన్నట్టే, ప్రతి రోజూ సర్వీసే. నోటీసు కొనుక్కున్న రోజున సర్వీసు అక్కడే ఆగిపోతుంది. అంటే మీరు డబ్బు కట్టి మరీ 17 పనిరోజులు వదులుకుంటున్నారన్నమాట.

ఒక జాగ్రత్త. మిగులు మూడు రోజులే. గత సెప్టెంబర్ నుంచి జీతం లేని సెలవు మూడు రోజులకు మించి పెట్టి ఉంటే 240 కిందికి పడిపోతారు. పూర్తి జీతంతో తీసుకున్న ఈఎల్ అయితే పనిచేసిన రోజు కిందే లెక్క. ప్రసూతి సెలవు కూడా 26 వారాల దాకా అంతే. మీ అటెండెన్స్ షీట్ నెలనెలా ప్రింట్ తీసుకుని, పండగ సెలవులు నిజంగా ఎన్నో చూసి, ఈ లెక్క మీరే మళ్లీ వేయండి. లాగిన్ పోయాక ఆ షీట్ చేతికి రాదు.

ఇక మూడో దారి, 5 ఏళ్లు నిండేదాకా ఆగడం. ఆగస్టు 31తో 5 ఏళ్లు పూర్తవుతాయి. తేదీల దగ్గర పేచీ రాకుండా సెప్టెంబర్ 2 చివరి రోజుగా పెట్టుకోండి. అలాగైతే జులై 4న రాజీనామా ఇవ్వాలి. అప్పుడు ఏ కోర్టు తీర్పుతోనూ పని లేదు, హెచ్ఆర్ కాదనడానికి ఏమీ మిగలదు. కానీ ఇందులోనూ ఒక మెలిక ఉంది. మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి నోటీసు పేరా చదవండి. ‘నోటీసుకు బదులు జీతం ఇచ్చి కంపెనీ వెంటనే రిలీవ్ చేయవచ్చు’ అని ఉంటే, జులైలో రాజీనామా ఇచ్చిన మర్నాడే మిమ్మల్ని పంపించేయగలరు. నేను పేరోల్ సెక్షన్‌లో ఉన్న రోజుల్లో కళ్లారా చూశాను. స్టోర్స్‌లో ఒకాయన 4 ఏళ్ల 11 నెలల దగ్గర రాజీనామా ఇచ్చి, ‘నోటీసు నెలతో అయిదేళ్లు నిండిపోతాయి’ అని మాకు స్వీట్లు పంచాడు. ఆ సాయంత్రమే మేనేజర్ ఒక నెల జీతం చెక్కు చేతిలో పెట్టి గేటు దాకా సాగనంపాడు. అలాంటి పేరా మీ లెటర్‌లో ఉంటే సెప్టెంబర్ 2న రాజీనామా ఇచ్చి నవంబర్‌లో వెళ్లడమే పూర్తి భద్రం. కొత్త కంపెనీ అంతదాకా ఆగుతుందా అన్నది వేరే ప్రశ్న.

మొత్తం ఎంతో చూస్తే తేల్చుకోవడం తేలిక. నెలకు 26 పనిరోజులుగా పట్టి, ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం ఇస్తారు. మీ బేసిక్ లెక్కకు అనువుగా ఉంది. 26,000ను 26తో భాగిస్తే రోజుకు 1,000. 15 రోజులకు 15,000. 5 ఏళ్లకు 75,000. జూన్ 19న వెళ్లి అర్హత ఉందని తేలినా ఇంతే వస్తుంది, ఎందుకంటే అప్పుడు ‘ఆరు నెలలు దాటితే ఏడాది’ సూత్రం మీకు వర్తిస్తుంది. మీ కొలీగ్ మాట నిజమయ్యేది ఇక్కడే.

దీని పక్కన కొత్త ఉద్యోగంలో వచ్చే 9,000 పెట్టండి. మూడు నెలలు ఆగితే 27,000 పోతుంది, 75,000 ఖాయమవుతుంది. అయితే ఆ 9,000 చేతికొచ్చే జీతంలో తేడానా, సీటీసీలో తేడానా? సీటీసీ అయితే అందులో గ్రాట్యుటీ పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, యజమాని వాటా పీఎఫ్ కూడా కలిపి చూపిస్తారు. ఆ 4.81 శాతం ప్రతి నెలా మీకు ఇచ్చినట్టు కాగితం మీద కనిపిస్తుంది కానీ, అక్కడ కూడా 5 ఏళ్లు నిండకుండా మానేస్తే రూపాయి రాదు. అక్కడ మీ గ్రాట్యుటీ గడియారం మళ్లీ సున్నా నుంచే తిరుగుతుంది.

నా అభిప్రాయం అడిగితే, మే 31 నాకు నచ్చలేదు. జూన్ 19కి, సెప్టెంబర్‌కి మధ్య తేల్చుకోవాల్సింది మీరు. కొత్తవాళ్లను 20 రోజులు గడువు అడగడం పెద్ద విషయం కాదు, 60 రోజుల నోటీసు ఉన్నవాళ్లను తీసుకునే కంపెనీలకు ఇది మామూలే. జూన్ 19న వెళ్తే మాత్రం ఒక తగాదాకు సిద్ధపడి వెళ్లండి. మానేసిన 30 రోజుల్లో కంపెనీకి రాతపూర్వకంగా గ్రాట్యుటీ దరఖాస్తు ఇవ్వాలి, అక్‌నాలెడ్జ్‌మెంట్ తీసుకోవాలి. వాళ్లు 30 రోజుల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీ కలపాలి. కాదంటే కార్మిక శాఖలో గ్రాట్యుటీ వివాదాలు చూసే అధికారి దగ్గరికి వెళ్లవచ్చు. అది నెలల తరబడి సాగే వ్యవహారం, ఆ ఓపిక లేకపోతే సెప్టెంబరే మేలు.

ఇప్పుడు పీఎఫ్. గ్రాట్యుటీకి ఇది పూర్తిగా తలకిందులు. ఇది మనిషి వెంట నడిచే ఖాతా. మధ్యలో నాలుగున్నరేళ్లు ఖాళీగా ఉన్నా మీ పాత సర్వీసు చెరిగిపోలేదు. ఖాళీ కాలం లెక్కలోకి రాదు, అంతే. అందులో ఎవరూ డబ్బు వేయకపోయినా మీ వయసులో వడ్డీ ఆగదు. పీఎఫ్ సర్వీసు తెగేది ఉద్యోగం మారినందుకు కాదు, డబ్బు తీసేసినందుకు.

మీ వారి ఆలోచన సంగతి చూద్దాం. మొదటి అడ్డంకి, మీరు పీఎఫ్ వర్తించే ఉద్యోగంలోనే ఉన్నారు. మొత్తం తీసుకోవడం ఉద్యోగం లేకుండా ఉన్నవాళ్లకు ఉద్దేశించింది. నంబర్లు రెండున్నాయి కాబట్టి పాత నంబర్ నుంచి క్లెయిమ్ వేస్తే దొరకదులే అనుకుంటారు. ఆధార్ ఒకటే. ఇవాళ కాకపోతే మరోసారి పట్టుకుంటుంది. రెండోది పన్ను. 5 ఏళ్ల సర్వీసు నిండని ఖాతా నుంచి 50,000 లేదా అంతకు మించి తీస్తే 10 శాతం టీడీఎస్ కోస్తారు, పాన్ ఇస్తేనే ఆ 10. మీ పాత ఖాతా ఒక్కటే చూస్తే 3 ఏళ్ల 8 నెలలే. 1,40,000 మీద 14,000 అక్కడే ఆగుతుంది. తీసిన దాంట్లో పన్ను పడే భాగం ఆ ఏడాది ఆదాయంలో కలుస్తుంది. అదే డబ్బును ఇప్పటి ఖాతాలోకి బదిలీ చేస్తే రెండు సర్వీసులూ కలిసి 8 ఏళ్లు దాటుతాయి, ఈ పన్ను గొడవ మొత్తం ఖాతాకే ఉండదు. అప్పుడు ఇల్లు, స్థలం, చదువు, వైద్యం లాంటి అవసరాలకు నిబంధనల మేరకు అడ్వాన్స్ తీసుకోవచ్చు. అడ్వాన్స్ తీసుకుంటే సర్వీసు తెగదు. కిస్తీ అవసరం నిజమైనదే అయితే ఈ దారి చూడండి.

మూడోది పెన్షన్. దీని గురించి మీరు అడగలేదు, కానీ మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారుపెట్టింది ‘ఇంతకుముందు పీఎఫ్ లేదు’ అని రాసిన ఆ ఒక్క గీతే.

మీ జీతంలోంచి 12 శాతం పూర్తిగా పీఎఫ్‌లోకి వెళ్తుంది. యజమాని వాటా 12 శాతంలో 8.33 శాతం మాత్రం పెన్షన్ పథకానికి పోతుంది. దానికి 15,000 జీతం దాకానే పరిమితి కాబట్టి నెలకు గరిష్ఠంగా 1,250. 2014 సెప్టెంబర్ 1 తర్వాత మొదటిసారి చేరినవాళ్ల జీతం 15,000 దాటి ఉంటే వాళ్లను పెన్షన్‌లో చేర్చరు. మీరు 2013లో 6,000 బేసిక్‌తో చేరినవాళ్లు, పాత సభ్యురాలు. ఇప్పుడు బేసిక్ ఎంతున్నా మీకు పెన్షన్ కొనసాగాలి. కానీ పాత సంగతి దాచేసరికి ఇక్కడి కంపెనీకి మీరు కొత్తవాళ్లుగా కనిపించి ఉంటారు. 2021లో చేరేనాటికి మీ బేసిక్ 15,000 పైన ఉంటే మిమ్మల్ని పెన్షన్ బయట ఉంచి ఉండవచ్చు.

తేల్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు. పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. ప్రతి నెల వరుసలో మూడు అంకెలుంటాయి, ఉద్యోగి వాటా, యజమాని వాటా, చివరన పెన్షన్. ఆ చివరి గడిలో 1,250 ఉంటే అంతా సవ్యంగా ఉంది. సున్నాలుంటే నా అనుమానం నిజం.

1,250 ఉంటే మీ లెక్క ఇలా సాగుతుంది. పాతది 3 ఏళ్ల 8 నెలలు, జూన్ దాకా ఇక్కడిది 4 ఏళ్ల 9 నెలల పైచిలుకు. మొత్తం 8 ఏళ్ల 5 నెలలు దాటింది. నెలవారీ పెన్షన్‌కు 10 ఏళ్లు కావాలి. ఇక్కడ ఆరు నెలలు దాటిన భాగాన్ని ఏడాదిగా పడతారు కాబట్టి 9 ఏళ్ల 6 నెలలు చాలు. అంటే కొత్త ఉద్యోగంలో సుమారు 13 నెలలు. పాత ఖాతాలో పెన్షన్ సొమ్ము కూడా ఫారం 10సీతో తీసేస్తే ఆ 3 ఏళ్ల 8 నెలలు శాశ్వతంగా పోతాయి. 10 ఏళ్లకు పెన్షన్ ఎంతంటే, 15,000ను 10తో హెచ్చించి 70తో భాగించండి. నెలకు 2,143. పెద్ద మొత్తం కాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ మీకు 36. 58 దాకా చేస్తే 30 ఏళ్లు అవుతుంది, అప్పుడు అదే సూత్రం 6,400 పైగా చూపిస్తుంది. సర్వీసులో ఉండగా జరగరానిది జరిగితే కుటుంబానికి పెన్షన్ వచ్చేదీ ఈ పథకం నుంచే.

సున్నాలుంటే మీ ముందు రెండు దారులు. సరిచేయించుకోవడం ఒకటి. కంపెనీ తన తరఫున పీఎఫ్ ఆఫీసుకు రాసి, మీ పాత సభ్యత్వం రుజువులు జతచేసి, ఇన్నాళ్లూ పెన్షన్‌కు వెళ్లాల్సిన సొమ్మును మీ పీఎఫ్ నుంచి అటు మళ్లించమని అడగాలి. మే దాకా 57 నెలలు, నెలకు 1,250 చొప్పున 71,250, దానిపై వడ్డీ కలిపి మీ పీఎఫ్ బ్యాలెన్స్ నుంచి తగ్గుతుంది. బదులుగా దాదాపు అయిదేళ్ల పెన్షన్ సర్వీసు వస్తుంది. రెండో దారి, ఉన్నది ఉన్నట్టు వదిలేయడం. ఆ 71,250 పోలేదు, పీఎఫ్‌లోనే వడ్డీ తెచ్చుకుంటోంది. కానీ పెన్షన్ లెక్క 3 ఏళ్ల 8 నెలల దగ్గరే నిలబడి, కొత్త కంపెనీలో ఇంకో 5 ఏళ్ల 10 నెలలు చేస్తే తప్ప 10 ఏళ్లు కావు. పైగా నిబంధన ప్రకారం మీరు సభ్యురాలే కాబట్టి, ఎప్పుడో బదిలీ దగ్గరో చివరి క్లెయిమ్ దగ్గరో ఆ తేడా బయటపడి ఫైలు ఆగుతుంది. నేనైతే ఇప్పుడే సరిచేయిస్తాను. దీనికి ఇప్పటి కంపెనీ సంతకం కావాలి. రాజీనామా ఇవ్వకముందు హెచ్ఆర్ టేబుల్ దగ్గర జరిగే పని, మానేశాక పది ఫోన్లకూ జరగదు.

రెండు నంబర్లను ఒకటి చేయడం కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. పాత నంబర్‌తో సభ్యుల పోర్టల్‌లోకి వెళ్లి Service History చూడండి. విజయవాడ ఆఫీసు మీరు మానేసిన తేదీ ఎక్కించిందా లేదా అక్కడ కనిపిస్తుంది. లేకపోతే, పాత నంబర్‌కు ఆధార్ జతచేసి ఉంటే, ఆధార్ ఓటీపీతో Mark Exit దగ్గర మీరే వేసుకోవచ్చు. పాత ఖాతాలో పెళ్లికి ముందు ఇంటిపేరు ఉండి ఆధార్‌లో మారి ఉంటే, బదిలీకి ముందు పేరు సరిచేయడానికి జాయింట్ డిక్లరేషన్ పెట్టాలి. చాలామంది ఆడవాళ్ల బదిలీలు ఆగేది ఇక్కడే. పేరు, పుట్టిన తేదీ కలిశాక, ఇప్పటి నంబర్‌తో లాగిన్ అయి One Member – One EPF Account (Transfer Request) దగ్గర పాత ఖాతా వివరాలిచ్చి బదిలీ పెట్టండి. అది అయ్యాక పాస్‌బుక్‌లో పీఎఫ్ డబ్బు వచ్చినట్టు కనిపిస్తుంది, పెన్షన్ డబ్బు కనిపించదు. అది చూసి కంగారుపడకండి. పెన్షన్‌లో బదిలీ అయ్యేది సర్వీసు కాలం.

కొత్త కంపెనీలో చేరిన రోజు మళ్లీ అదే ఫారం ఇస్తారు. ఈసారి ఇప్పటి పీఎఫ్ నంబర్, అంటే యూఏఎన్, రాసి, పీఎఫ్‌లోనూ పెన్షన్‌లోనూ పాత సభ్యురాలినని టిక్ పెట్టండి. జూన్ 19న రిలీవ్ అయితే 20న గానీ తర్వాత గానీ చేరండి. ‘అక్కడ నోటీసు నడుస్తుండగానే ఇక్కడ జూన్ 1 నుంచి చేరినట్టు చూపిస్తాం’ అని కొత్త హెచ్ఆర్ మంచి మనసుతో అంటే ఒప్పుకోవద్దు. రెండు కంపెనీల తేదీలు ఒకదానిమీద ఒకటి పడితే తర్వాతి బదిలీ తిరిగొస్తుంది. రిలీవింగ్ లెటర్‌లో ఉన్న చివరి తేదీ, పోర్టల్‌లో కంపెనీ ఎక్కించిన తేదీ ఒకటేనా అని ఆగస్టులో ఒకసారి చూసుకోండి.